మా వరుసలో ఒక ఎరుపు

గుర్గావ్‌లో నేను పనిచేసిన ఆసుపత్రిలో, స్టాఫ్ క్యాంటీన్‌కి వెళ్లే నడవ గోడకి ఒక పెద్ద టీవీ ఉండేది. అందులో సినిమాలూ వార్తలూ రావు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకటే బొమ్మ. ఎడమ పక్కన జట్ల పేర్లు: నర్సింగ్, లాబ్, కిచెన్, సెక్యూరిటీ, ఇంకా మేము, అంటే వార్డులు శుభ్రం చేసే హౌస్‌కీపింగ్ జట్టు. ఒక్కో జట్టుకి ఎదురుగా గళ్లు. కోర్సులన్నీ పూర్తి చేసినవాళ్లు ఎంతమందో ఆకుపచ్చ గడిలో, గడువు దగ్గర పడినవాళ్లు పసుపు గడిలో, గడువు దాటిపోయినవాళ్లు ఎరుపు గడిలో, సెలవులో ఉన్నవాళ్లు బూడిద రంగు గడిలో. ఆ చివరివాళ్లు లెక్కలోకి రారు. టీవీలో మనుషుల పేర్లు వేసేవారు కాదు, అంకెలే. పేర్లు కావాలంటే ట్రైనింగ్ రూముకి వెళ్లి కంప్యూటర్లో చూపించుకోవాలి.

కోర్సులంటే పెద్ద చదువులేం కావు. నిప్పంటుకుంటే ఏం చేయాలి, చేతులు ఎలా కడుక్కోవాలి, ఏ చెత్త ఏ రంగు సంచిలో వేయాలి, పనిచోట ఎవరైనా వేధిస్తే ఎవరికి చెప్పాలి. ఒక వీడియో చూడాలి, దాని వెనక ప్రశ్నలకి జవాబులు నొక్కాలి. నిప్పు కోర్సుకి మాత్రం వీడియోతో సరిపోదు, వారానికొకసారి మెట్ల దగ్గర నిప్పార్పే సిలిండరు పట్టించి చేయించేవారు. కిందటిసారి పూర్తి చేసిన రోజు నుంచి ఏడాది తిరిగేలోగా మళ్లీ చేయాలి. డాక్టరైనా సరే, తుడిచేదైనా సరే. నాకు ఆ సంగతి బాగా నచ్చేది. నేను ఐదో తరగతితో పలక పక్కన పెట్టినదాన్ని. మా ఆయన మిలిటరీలో చేసి, రిటైరయ్యాక మేము ఇక్కడే ఢిల్లీ అంచున పాలంలో ఉండిపోయాం. పిల్లల పెళ్లిళ్లయ్యాక ఇంట్లో తోచక, ఆసుపత్రికి మనుషుల్ని పంపే ఒక ఏజెన్సీ ద్వారా ఈ పనిలో చేరాను. ముసలితనంలో మళ్లీ పరీక్షలేమిటిరా దేవుడా అని మొదట్లో భయపడేదాన్ని. తర్వాత్తర్వాత, హిందీ వీడియోలో ఆ అమ్మాయి 'అచ్ఛా, అబ్ ఆగే బఢ్తే హైఁ', సరే ఇక ముందుకి పోదాం, అంటుంటే ఇంట్లో మనిషి మాట్లాడినట్టే ఉండేది.

మా జట్టులో ఇంకొక తెలుగు మనిషి ఉండేది. పాలమూరు వైపు పిల్ల. ఆమె నాకెలా పరిచయమైందో చెప్పాలి. ఒకనాడు సామాను లిఫ్ట్‌లో వెళ్తుంటే ఎవరో ఫోన్లో తిడుతున్నారు, అచ్చ తెలుగులో. "గా రొట్టెలు మాడగొట్టి కుక్కకేసినవా? కుక్క గూడ ఏం పాపం జేసిందని?" అని. మొగుణ్ణే తిడుతోందని నాకు వెంటనే అర్థమై నవ్వాపుకోలేకపోయాను. తిరిగి చూసి, "తెలుగోళ్లా అక్కా?" అంది. అంతే. ఆ రోజు నుంచి నేను అక్కని.

ఆమె పెనిమిటి కట్టుబడి పనుల్లో సెంట్రింగ్ కొట్టేవాడు. ఢిల్లీలో ఆ పనికో చిక్కుంది. చలి మొదలై ఊరంతా పొగ కమ్మిందంటే సర్కారు వాళ్లు కట్టుబడి పనులు ఆపించేస్తారు. మళ్లీ ఎప్పుడు మొదలవుతాయో ఎవరూ చెప్పలేరు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతం మీదే.

ఆమెకి నెలలు నిండాయి, కాన్పుకని ఊరెళ్లింది. ఆర్నెల్ల సెలవు. నేనే రైలు ఎక్కించి వచ్చాను. పిల్ల పుట్టిందని ఫోటో పంపింది. ఎంత జుట్టో ఆ పిల్లకి.

ఆమె వెళ్లిన నాలుగైదు రోజులకి మా వరుసలో ఎరుపు గడిలో ఒక అంకె పడింది. రెండు రోజుల్లో అది పోయి మొత్తం ఆకుపచ్చ అయింది. ఎవరో ఆలస్యంగా చేసి ఉంటారనుకున్నాం. తర్వాత ప్రతి నెలా ఆకుపచ్చే. మా సూపర్‌వైజర్‌ది హర్యానా, మనిషి మంచివాడే, మేమంతా భయ్యా అనేవాళ్లం. నెలాఖరు మీటింగ్‌లో ఎరుపు ఉన్న జట్టు పెద్ద లేచి నిలబడి ఎందుకుందో చెప్పాలి. మా భయ్యాకి లేవాల్సిన పని పడేది కాదు. ఒక నెల మా అందరికీ సమోసాలు తెప్పించాడు. ఆకుపచ్చగా ఉన్న జట్టుకి ఇంకో లాభముండేది. పండగ సెలవులు ముందు వాళ్లే రాసుకోవచ్చు. మా జట్టులో సగం మంది బీహారు ఆడవాళ్లు. వాళ్లకి నీళ్లలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యమిచ్చే ఛఠ్ పండగంటే ప్రాణం. దీపావళి వెళ్లగానే వచ్చే ఆ పండక్కి రైలు దొరకడమే గగనం, సెలవు కూడా దొరక్కపోతే ఇక ఏడుపే. అందుకని వాళ్లు నన్ను కూడా వదిలేవారు కాదు. "ఆంటీ, నీ చెత్త కోర్సు పసుపులోకి వచ్చింది, ఇవాళే చేసెయ్యి" అని వెంటపడేవారు.

దసరా ముందు పాలమూరు పిల్ల తిరిగొచ్చింది. పొద్దున్నే వార్డు వెనక బెడ్‌ప్యాన్లు కడిగే గదిలో ఉన్నాను. తలుపు దగ్గర నిలబడి ఉంది, యూనిఫాం లేదు, మామూలు చీరలోనే.

"ఎప్పుడొచ్చీసినావే? పాపేదీ?" అన్నాను.

"బయట ఆయన ఎత్తుకున్నడు. అక్కా, నన్ను తీసేస్తున్నరంట."

"ఎవులన్నారే? సెలవెట్టి ఎల్లినదానివి, నిన్ను తీసీడమేటి?"

"ఏజెన్సాయన జెప్పిండు. నేను మీ టీంల లేనంట. రిజర్వ్‌ల ఉన్ననంట. మూడు కోర్సులు ఓవర్‌డ్యూ అంట, ఎన్నిమార్లు జెప్పినా పలకలేనంట. గీ నెలాఖరుకు రిజర్వ్‌ల ఎర్రగున్నోళ్లనందర్నీ బంద్ జేస్తున్నరంట. గా రిజర్వ్ ఏందక్కా? నేనైతే ఎన్నడు జూడలే."

నెలాఖరు అంటే ఆ మర్నాడే. నా చేతులకి గ్లౌజులున్నాయి గానీ లేకపోతే ఆమెని పట్టుకునేదాన్ని. రిజర్వ్ అంటే ఏమిటో నాకు తెలుసు. ఏ వార్డూ లేనివాళ్ల జట్టు. ఎవరైనా రానిరోజు పిలుస్తారు, లేకపోతే లేదు. ఆ జట్టుకి పెద్దంటూ ఎవరూ ఉండరు. టీవీలో అన్నిటికన్నా కింద ఉండేది ఆ వరుస, ఎప్పుడూ ఎర్రగానే. మేమెవరం అటు చూసేవాళ్లం కాదు.

పని ముగించి ఆమెని ట్రైనింగ్ రూముకి తీసుకెళ్లాను. అక్కడ కూర్చునే అమ్మాయి కూడా మన తెలుగే. వాళ్ల నాన్నది సర్కారు ఉద్యోగం, ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది. నేను తెలుగులో అడిగితే అన్నీ అర్థమయ్యేవి, జవాబు మాత్రం సగం హిందీ.

"ఏక్ మినిట్, ఆంటీ. స్టాఫ్ నంబర్ చెప్పండి." కొట్టింది. చూసింది. మళ్లీ చూసింది. "అరే! దీదీ వెళ్లిన వారానికే టీం ఛేంజ్ అయింది. వార్డ్స్ నుంచి రిజర్వ్‌కి."

"ఎవరు మార్చారమ్మా? ఈ మిషన్ మార్చీసిందా?"

"నహీఁ ఆంటీ, ఆ టీవీలో వచ్చే షీట్ దానంతట అది ఎవరినీ మార్చదు. హెచ్ఆర్ రికార్డులో ఏ టీం ఉంటే అదే చూపిస్తుంది. రిక్వెస్ట్ మీ సూపర్‌వైజర్‌ది." కాస్త గొంతు తగ్గించింది. "ఇంకోటి. దీదీ లీవ్‌లో ఉన్నట్టు ఏజెన్సీ వాళ్లు ఎంట్రీ పంపనే లేదు. పంపి ఉంటే గ్రే అయ్యేది, తిరిగొచ్చాక నెల రోజులు టైం ఇచ్చేది. ఎంట్రీ లేదు కాబట్టి, రోజూ డ్యూటీకి వస్తూ కోర్స్ చేయట్లేదు అని లెక్కేసింది."

"మల్ల నాకెవ్వరు జెప్పలేదేంది?" అంది పాలమూరు పిల్ల.

"ముందు మీ ఫోన్‌కే మెసేజ్ వెళ్తుంది దీదీ."

ఆమె ఫోను తీసి చూపించింది. ఇంగ్లీషులో ఏవో వచ్చాయి. "ఇవా! లోన్ ఇస్తమని సతాయించేటోళ్లు అనుకొని తీసేసిన."

"తర్వాత టీం లీడర్‌కి మెయిల్ వెళ్తుంది. రిజర్వ్‌లో లీడర్ అని ఉన్న చోట ఖాళీ. ఖాళీకి పంపితే ఎవరు చదువుతారు?"

ఆ మాట నాలో ఉండిపోయింది. ఆర్నెల్లుగా ఆ మిషన్ ఈ పిల్లని పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు అందుకుని, అయ్యో ఆమె బాలింతరా బాబూ అని ఒక్క మాట చెప్పే మనిషి ఆ వరుసలో లేడు. మా వరుసలో ఉండి ఉంటే భయ్యా చెప్పేవాడు, లేదా నేనే చెప్పేదాన్ని.

"ఇప్పుడే కూర్చుని మూడూ చేసేస్తే?" అన్నాను.

"రెండు అయిపోతాయి. ఫైర్ ప్రాక్టికల్ గురువారమే. రేపు మీటింగ్ షీట్ తీసేసరికి రెడ్డే ఉంటుంది." ఆ అమ్మాయి కుర్చీ ఇటు తిప్పింది. "లీవ్ ఎంట్రీ ఏజెన్సీ నుంచి రావడానికి నాలుగైదు రోజులు. ఆంటీ, రిజర్వ్‌లో రెడ్ అంటే రిలీజ్, పనిలోంచి తీసెయ్యడమే. వార్డ్స్‌లో రెడ్ అంటే పదిహేను రోజుల్లో పూర్తి చెయ్యమంటారు, అంతే. మీ సూపర్‌వైజర్ ఈ సాయంత్రంలోగా మెయిల్ పెడితే రాత్రి రికార్డు మారుతుంది, పొద్దున్న షీట్‌లో మీ టీంలోకి వస్తుంది."

"వస్తే మా జట్టు ఎర్రనవుతాది."

"హాఁ, ఆంటీ."

భయ్యా స్టోరు గది దగ్గర ఫినాయిల్ డబ్బాలు దింపిస్తున్నాడు. నేను అడగ్గానే ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"దీదీ, ఆవిడ ఆర్నెల్లు లేదు కదా. లేని మనిషి ఎరుపు నేనెందుకు మొయ్యాలి? వచ్చాక మళ్లీ వేసుకుందామనే అనుకున్నా, కసమ్ సే, ఒట్టు. నాలాగా ఇంకెవరూ చెయ్యలేదనుకుంటున్నావా?"

"అయితే ఇప్పుడు వచ్చింది, వేసుకో."

"రేపు మీటింగ్ అయిపోనీ. ఎల్లుండి పొద్దున్నే వేస్తా."

"ఎల్లుండికి ఆ పిల్ల గేటు కార్డే పనిచెయ్యదు భయ్యా."

డబ్బా కింద పెట్టాడు. "రేపు ఎరుపు పడితే ఛఠ్ సెలవులు ముందు కిచెన్ వాళ్లు రాసుకుంటారు. మనవాళ్లకి మిగిలింది మిగులుతుంది. ఆ మాట లోపలున్న ఆడవాళ్లకి నువ్వు చెప్తావా?"

"చెప్తాను," అన్నాను.

షిఫ్టు మారే వేళ. బట్టలు మార్చుకునే గది కిటకిటలాడుతోంది. మా అందరిలోకీ పెద్దది సమస్తిపూర్ నుంచి వచ్చిన ఆవిడ. నోరు కత్తి. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పాలమూరు పిల్ల నా వెనకే నిలబడి ఉంది, బయట పాప ఏడుస్తోందని చెవి అటే పెట్టి.

సమస్తిపూర్ ఆవిడ జడ అల్లుకోవడం ఆపింది. "ఏడాదంతా కళ్లు కాయలు కాసేలా వీడియోలు చూశాం. ఇప్పుడొచ్చి ఎర్రబడదాం అంటావా ఆంటీ? మా అత్తకి నువ్వు ఫోన్ చేసి చెప్తావా, కోడలు ఘాట్‌కి రాదని?"

"నేను మీ అత్తతో మాట్లాడలేనమ్మా, నిన్ను చూస్తేనే తెలుస్తోంది ఆవిడెలా ఉంటుందో."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "మరి ఇన్నాళ్లూ మన జట్టు పచ్చగా ఎలా ఉంది?"

"ఈమెని బయట పెట్టి."

"అంటే ఆ సమోసాలు..."

"అవే."

ఒకామె చెప్పులు తొడుక్కుంటూ ఆగిపోయింది. అప్పుడు సమస్తిపూర్ ఆవిడ నెమ్మదిగా, ఎవరితోనో కాదు తనతోనే అన్నట్టు అంది: "నేను ఛఠ్‌కి ఊరెళ్లి, అక్కడ జ్వరమొచ్చి నెల్లాళ్లు పడిపోయాననుకో. నా కోర్సు గడువు దాటిందనుకో. అప్పుడు నేనెక్కడుంటాను?"

ఆవిడ జడ సగంలో వదిలేసి స్టోరు వైపు నడిచింది, వెనకాల మేమంతా.

"భయ్యా! నేను ఛఠ్‌కి వెళ్లి వచ్చేసరికి ఏ టీంలో ఉంటానో ఇప్పుడే చెప్పు. ఆ టీం యూనిఫాం కుట్టించుకోవాలి."

"అరే, నువ్వెందుకు మధ్యలో..."

"నేనెందుకా? నీ పచ్చ గడి మా మీద నిలబడింది కాబట్టి. మనిషి కనబడకపోతే తీసి కింద పారేస్తే ఎవడి జట్టైనా పచ్చగానే ఉంటుంది. తియ్యి ఫోను. రాయి."

"సెలవులు వెనక పడతాయి. తర్వాత నన్నే తిడతావు."

"తప్పకుండా తిడతాను. ముందు రాయి."

ఆయన తల గోక్కుని, నవ్వాలో కోప్పడాలో తెలియక, ఫోను తీసి మెయిల్ రాశాడు. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి పాలమూరు పిల్ల స్టాఫ్ నంబరు మాత్రం అంకెలు కలిశాయో లేదో చూసుకున్నాను. పంపాక ఆయన ఆమె వైపు చూసి, "పాప బాగుందా?" అని అడిగాడు. ఆ మాట అడగడానికి అంతసేపు పట్టింది ఆయనకి.

మర్నాడు నేను రోజూకన్నా ముందు వెళ్లాను. నడవలో టీవీ ముందు అప్పటికే మా ఆడవాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. మా వరుసలో, ఇన్ని నెలలుగా సున్నా ఉన్న ఎరుపు గడిలో ఒకటి పడింది. కింద రిజర్వ్ వరుసలో ఒకటి తగ్గింది. ఏడాదంతా ఆ ఎరుపు రాకూడదని భయపడినదాన్ని, అది కనబడగానే ఊపిరి పీల్చుకున్నాను.

కిచెన్‌లో రొట్టెలు చేసే అతను ట్రాలీ తోసుకుంటూ వెళ్తూ ఆగాడు. "ఏం ఆంటీ, మీ పచ్చని పొలంలో ఎర్ర మిరపకాయ కాసిందే!"

"కాసింది బాబూ. మాదే," అన్నాను.

మీటింగ్‌లో ఏం జరిగిందో ట్రైనింగ్ రూము అమ్మాయి తర్వాత చెప్పింది. భయ్యా లేచి నిలబడ్డాడట. ఎందుకు ఎరుపు అని అడిగితే, బాలింత సెలవులో ఉన్న మనిషిని నేనే రిజర్వ్‌లో వేయించాను, తప్పే, ఇప్పుడు వెనక్కి తెచ్చుకున్నాను అన్నాడట. అందరి ముందూ ఆ మాట అంటాడని నేననుకోలేదు. మేనేజరు భయ్యాని రెండు మాటలన్నాడు, ఏజెన్సీ ఆయన్ని అంతకన్నా ఎక్కువే అన్నాడట. సెలవు ఎంట్రీ ఎందుకు రాలేదని, రిజర్వ్‌లో ఇంకా ఇలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో చూడమని. చూశారో లేదో నాకు తెలియదు. ఆ వరుస మాత్రం తర్వాత కూడా ఎర్రగానే ఉండేది. అప్పటి నుంచి దాన్ని దాటి వెళ్లేటప్పుడు నా కళ్లు అటు పోయేవి. ఆ అంకెలో ఎవరున్నారో, ఎవరి ఇంట్లో ఎవరున్నారో అనిపించేది. ఆ టీవీ అబద్ధం చెప్పదు. మనం దాని చెవిలో ఏం ఊదితే అదే పదిమందికీ చూపిస్తుంది.

సెలవులు కిచెన్ వాళ్లే ముందు రాసుకున్నారు. సమస్తిపూర్ ఆవిడకి అడిగినన్ని రోజులు దొరకలేదు. పండగ మొదటి రోజు స్నానం, వంట ఇక్కడే పాలం పక్కన తను ఉండే గదిలో చేసుకుని, ఆ సాయంత్రం రైలెక్కింది. నీళ్లలో నిలబడి అర్ఘ్యం ఇచ్చే వేళకి ఊరు చేరిందట. అన్నట్టే భయ్యాని తిట్టింది, వెళ్లే ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి.

పాలమూరు పిల్ల కోర్సులకి ఆ మీటింగ్ రోజు మధ్యాహ్నమే కూర్చుంది. నేను పక్కన స్టూలు వేసుకున్నాను. జవాబులు నేను చెప్పకూడదు, ట్రైనింగ్ రూము అమ్మాయి ముందే గట్టిగా చెప్పింది. హిందీలో అర్థం కాని మాట తెలుగులో చెప్పొచ్చు, అంతవరకే. చేతుల కోర్సు అయింది. చెత్త కోర్సు అయింది. నిప్పు కోర్సు వీడియో సగంలో ఉండగా ఆమె అటూ ఇటూ కదలడం మొదలుపెట్టింది. జాకెట్టు ముందు తడిసింది.

"పాపకు పాలు దాపే యాళ్లయిందక్కా. ఆయన గేటు కాడనే ఉన్నడు." తెర వైపు చూసింది, లేవడానికి భయం. "గిప్పుడు లేస్తే గిదంత మళ్ల మొదటికెల్లి జేయాల్నా?"

ట్రైనింగ్ రూము అమ్మాయి తల ఎత్తింది. ఆ ఒక్కసారి పూర్తిగా తెలుగులోనే అంది, మాటలు వెతుక్కుంటూ.

"వద్దు దీదీ. మీరు వెళ్లి రండి. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలవుతుంది."

ఆమె చెంగు సర్దుకుని గేటు వైపు పరుగెత్తింది. నేను ఆ స్టూలు మీదే కూర్చున్నాను, ఆమె కుర్చీలో ఇంకెవరూ కూర్చోకుండా.